ఇద్దరిని కలుపుతూ చిన్న మెయిల్ రాయాలి, నాది పెద్ద వ్యాసం అయిపోయింది. కాస్త చూస్తారా?

మంజీర | బుధవారం, రాత్రి 9:40

అందరికీ నమస్తే. విషయం చిన్నదే కానీ రెండు రోజుల నుంచి తేలడం లేదు.

నాలుగేళ్ల క్రితం ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున అనంతపురం జిల్లాలో మూడు నెలలు సర్వే చేశాను. అప్పుడు పరిచయమైన ఒకాయన ఇప్పుడు అక్కడ రైతులు కలిసి నడుపుకునే ఎఫ్‌పీఓ అనే సంస్థ వ్యవహారాలు చూస్తున్నారు. ఇక్కడ ఆయన్ని నరసింహులు గారు అంటాను, అసలు పేరు కాదు. మొన్న ఫోన్ చేసి, "కొర్రలు గోదాములో ఉన్నాయమ్మా, హైదరాబాద్‌లో కొనేవాళ్లెవరైనా తెలిస్తే కలుపు" అన్నారు. నా హాస్టల్ స్నేహితురాలు ఇక్కడ ఆరు షాపులున్న ఒక కిరాణా సంస్థలో కొనుగోళ్లు చూస్తుంది. తనని శ్రావణి అనుకుందాం. వీళ్లిద్దరికీ ఒకరంటే ఒకరికి తెలియదు.

నేను రాసుకున్నది ఇది. ఇంకా పంపలేదు.

> సబ్జెక్ట్: పరిచయం
>
> ఇద్దరికీ నమస్తే, బాగున్నారని తలుస్తాను. శ్రావణీ, నరసింహులు గారు చాలా మంచి మనిషి. మేం సర్వేకి వెళ్లినప్పుడు మాకు భోజనాలు కూడా పెట్టించారు. సార్, శ్రావణి నా ప్రాణ స్నేహితురాలు, హాస్టల్లో ఒకే గది. ఇప్పుడు చాలా పెద్ద పొజిషన్‌లో ఉంది. ఈ రోజుల్లో చిరుధాన్యాల మీద అందరికీ ఆసక్తి పెరిగింది కదా. మీరిద్దరూ ఒకసారి మాట్లాడుకుంటే బాగుంటుందని నా ఉద్దేశం...

ఇంకో రెండు పేరాలు ఉన్నాయి, సిగ్గేసి ఇక్కడ పెట్టడం లేదు. ఎక్కడ కోయాలి?

వైజాగ్ కిరణ్ | బుధవారం, రాత్రి 9:58

అయిదు లైన్లు దాటితే ఎవడూ చదవడండీ. ఇద్దరి పేర్లు, ఇద్దరి ఫోన్ నంబర్లు, "మాట్లాడుకోండి", అంతే. ఇంకో చిట్కా, మిమ్మల్ని మీరు బీసీసీలో పెట్టుకోండి. ఆ తర్వాత వాళ్లు ఏం మాట్లాడుకున్నదీ మీకు చేరుతుంది, వాళ్లకి మాత్రం తెలియదు. అసలు మెయిలెందుకు, వాట్సాప్‌లో ముగ్గురితో గ్రూపు పెట్టేయండి, నిమిషం పని.

గోదారి గట్టు | బుధవారం, రాత్రి 10:15

మంచి టాపిక్ తీశారు. మా బావమరిది బీటెక్ అయ్యి ఏడాదైంది. కంపెనీలకి తనని తాను పరిచయం చేసుకుంటూ మెయిల్ పెట్టాలి. మొదటి లైను ఎలా ఉండాలి? "రెస్పెక్టెడ్ సర్" అని మొదలెట్టాలా, "డియర్" అనాలా?

పాత గుమాస్తా | బుధవారం, రాత్రి 10:52

గోదారి గట్టు గారూ, మీరడిగేది వేరే సంగతి. ఇక్కడ ఇద్దరి మధ్యలో మూడో మనిషి నిలబడి రాస్తున్నారు. మీ బావమరిది విషయానికి తర్వాత వద్దాం.

మంజీర గారూ, నేను ముప్ఫై ఏళ్లు ఒక వ్యాపారుల సంఘం ఆఫీసులో కూర్చుని ఈ పనే చేశాను. మొదట్లో కాగితం మీద, ఆ తర్వాత మెయిల్లో. ఎక్కడ కోయాలని అడిగారు. కోతకంటే ముందు మీరు చేయాల్సిన పని ఒకటుంది. శ్రావణిని అడిగారా?

నరసింహులు గారు మిమ్మల్ని అడిగారు కాబట్టి ఆయన వైపు నుంచి అనుమతి వచ్చినట్టే. ఆ అమ్మాయి మాత్రం ఏమీ అడగలేదు. ఈ మెయిల్ వెళ్లిన క్షణం నుంచి ఒక పెద్దాయనకి జవాబు చెప్పాల్సిన బాధ్యత తన మీద పడుతుంది. కొనే ఉద్దేశం లేకపోతే ఏం చేస్తుంది? మీ మొహం చూసి కాదనలేదు, అలాగని అవుననలేదు. నానబెడుతుంది. ఆయనేమో రోజూ మెయిల్ తెరిచి చూసుకుంటారు. మన పరిచయాలు సగం ఇలాగే చస్తాయి.

కిరణ్ గారి బీసీసీ సలహా పొరపాటు. బీసీసీలో ఉన్నవాళ్లకి ఆ ఒక్క మెయిలే చేరుతుంది. తర్వాత వాళ్లు రిప్లై ఆల్ కొట్టినా అది టూలో, సీసీలో ఉన్నవాళ్లకే పోతుంది. పైగా పంపింది మంజీర గారే కాబట్టి రిప్లై ఆల్ కొడితే ఎలాగూ ఆవిడకి వస్తుంది. దొంగచాటుగా చూడాల్సిన అవసరం ఏముంది?

డాలస్ లక్ష్మి | గురువారం, ఉదయం 7:05

గుమాస్తా గారు చెప్పిందే ఇక్కడా పద్ధతి. రెండు వైపులా సరే అన్నాకే కలుపుతారు. ఇంకో సౌకర్యం కూడా ఉంది. అడుగుతున్న వ్యక్తినే ఒక చిన్న పేరా రాసి పంపమంటారు: తనెవరు, ఏం కావాలి, ఎందుకు కావాలి. కలిపేవాళ్లు దాన్ని అవతలివాళ్లకి పంపి "కలపనా?" అని అడుగుతారు. నరసింహులు గారు నాలుగు వాక్యాలు రాసిస్తే మంజీర గారికి సగం పని తప్పుతుంది, కొర్రల గురించి తప్పులు రాసే ప్రమాదం కూడా ఉండదు.

వైజాగ్ కిరణ్ | గురువారం, ఉదయం 8:20

బీసీసీ సంగతి ఒప్పుకుంటున్నాను, ఇన్నాళ్లూ ఉల్టాగా అనుకున్నా. అడగడం దగ్గర మాత్రం నాకో అనుమానం. మన దగ్గర అడిగితే కాదంటారా ఎవరైనా? "అయ్యో దానికేం, కలిపేయవే" అంటారు. అది మొహమాటం, అనుమతి కాదు. అలాంటప్పుడు అడిగినా అడక్కపోయినా ఒకటేగా.

పాత గుమాస్తా | గురువారం, ఉదయం 9:10

కిరణ్ గారు అన్నది నిజం. అందుకే అడిగే తీరు ముఖ్యం. ఫోన్లో అడిగితే తప్పకుండా సరే అంటారు, గొంతు వింటూ కాదనడం కష్టం. నేనైతే మెసేజ్ పెడతాను, అందులోనే కాదనే మాట నేనే రాసిస్తాను. ఇలా:

"అనంతపురం నుంచి తెలిసినాయన కొర్రలు అమ్మాలని చూస్తున్నారు. మీ షాపులకి ఇప్పుడు అవసరం ఉందా? లేకపోతే 'ఇప్పుడు కాదు' అని ఒక్క మాట పెట్టు చాలు, ఆయనకి నేనే చెప్పుకుంటాను. నీ పేరు ఇంకా ఆయనకి చెప్పలేదు."

చివరి వాక్యం చూడండి. పేరు ఇంకా చెప్పలేదంటే వెనక్కి తగ్గడానికి దారి ఉన్నట్టు. పేరు చెప్పేసి అడిగితే అది అడగడం కాదు, చెప్పడం.

మంజీర | గురువారం, మధ్యాహ్నం 1:30

గుమాస్తా గారూ, మీ మెసేజ్ దాదాపు అలాగే పంపాను. ఇరవై నిమిషాల్లో జవాబొచ్చింది. ఉన్నదున్నట్టు పెడుతున్నాను:

"పొట్టు తీసినవా, తీయనివా? మాకు కొర్ర బియ్యం కావాలి, గింజలు కాదు. బియ్యమైతే చూస్తాను. మొదటిసారి 200 కిలోల కంటే తీసుకోలేను. శాంపిల్ లేకుండా మా సార్ మాట్లాడడు. ఫోన్ నంబర్ ఇవ్వకే బాబూ, మెయిల్ చాలు."

నేను అసలు ఆ తేడానే ఆలోచించలేదు! నరసింహులు గారికి ఫోన్ చేశాను. గోదాములో ఉన్నవి గింజలేనట, మొత్తం 7 టన్నులు. బియ్యం చేసి పెట్టుకుంటే ఎక్కువ రోజులు ఆగవట, అందుకే ఆర్డర్ వచ్చాక మిల్లు పట్టిస్తారట. 200 కిలోలైతే వారంలో ఇవ్వగలనన్నారు. ఏప్రిల్ లోపు గోదాము ఖాళీ చేయాలట.

లక్ష్మి గారూ, ఆయన్నే పేరా రాయమని అడిగాను. "నాకు రాయడం రాదమ్మా, నువ్వే రాయి" అన్నారు. ఆయన చెప్పింది నేను రాసి చదివి వినిపించాను, రెండు చోట్ల సరిచేశారు.

చిట్టి | గురువారం, మధ్యాహ్నం 2:15

నంబర్ ఇవ్వొద్దందిగా, అయితే మీ మెయిల్ కింద ఆటోమేటిక్‌గా వచ్చే సంతకాలవీ చూసుకోండి. అలాగే ఒక జాగ్రత్త, నాకు జరిగిందే చెప్తున్నా.

ఇద్దరిని కలపడానికి ముందు ఒకాయన్ని మెయిల్లో అడిగాను: "ఆవిడ కొంచెం మొండి, కానీ పని బాగా చేస్తుంది. మాట్లాడతారా?" ఆయన సరేనన్నాడు. నేను ఉత్సాహంగా ఆ జవాబుకే రిప్లై కొట్టి, ఆవిడ అడ్రస్ చేర్చి, "ఇదిగో మీ ఇద్దరికీ పరిచయం" అని రాసేశాను. పాత సంభాషణ మొత్తం కింద మూడు చుక్కల వెనక దాక్కుని ఉందని తట్టలేదు. ఆవిడ ఆ చుక్కలు నొక్కింది. "మొండిదాన్నే, కరెక్టే" అని నాకొక్కదానికే రిప్లై పెట్టింది. ఇది జరిగి రెండేళ్లవుతోంది, ఇంకా ఆవిడ ఎదురుపడితే నేను ఫోన్ చూసుకుంటూ పోతున్నాను.

కలిపే మెయిల్ ఎప్పుడూ కొత్తగా కంపోజ్ కొట్టి రాయాలి. పాతదానికి రిప్లై ఇస్తూ రాయొద్దు.

మంజీర | గురువారం, మధ్యాహ్నం 2:22

అయ్యబాబోయ్. నేనూ అదే చేయబోయాను, శ్రావణి గతవారం పెట్టిన పెళ్లి ఫొటోల మెయిల్‌కే రిప్లై కొడదామనుకున్నాను.

పాత గుమాస్తా | గురువారం, సాయంత్రం 6:40

ఇప్పుడు మెయిల్ దగ్గరికి వద్దాం.

మీ మొదటి రాతలో ప్రతి వాక్యాన్నీ "ఇది ఎవరి కోసం?" అని అడగండి. హాస్టల్లో ఒకే గది అన్న సంగతి శ్రావణికి తెలుసు, నరసింహులు గారికి అనవసరం. భోజనాలు పెట్టించిన సంగతి ఆయనకి తెలుసు, దాన్ని చూసి శ్రావణి కొర్రలు కొనదు. చిరుధాన్యాల మీద ఆసక్తి పెరిగిందన్నది ఇద్దరికీ తెలుసు. అంటే ఇంత రాసినా ఇద్దరిలో ఎవరికీ పనికొచ్చే కొత్త మాట ఒక్కటీ లేదు.

శ్రావణికి తెలియాల్సింది: ఆయన ఎవరు, మీకు ఎలా తెలుసు, ఏం అమ్ముతున్నారు. ఆయనకి తెలియాల్సింది: ఆమె ఏ పనిలో ఉంది, ఎంత కొనగలదు, మొదట ఏం అడుగుతుంది. ఒక్కొక్కరికి రెండేసి వాక్యాలు చాలు.

"మాట్లాడుకుంటే బాగుంటుంది" అన్నది కారణం కాదు. ఇద్దరి పేర్లూ వేలితో మూసి మెయిల్ చదవండి. అది ఏ ఇద్దరికైనా సరిపోయేలా ఉంటే కారణం ఇంకా రాయలేదన్నమాట. కారణంలో వస్తువు ఉండాలి, ఎంతో ఉండాలి, ఎప్పటిలోగా అనేది ఉండాలి. మీ దగ్గర ఇప్పుడు మూడూ ఉన్నాయి: కొర్ర బియ్యం, 200 కిలోలు, ఏప్రిల్ లోపు. నిన్న రాత్రి ఇందులో ఒక్కటీ లేదు.

ఇంకో మాట. మన దగ్గర పరిచయానికీ సిఫారసుకీ తేడా చెరిగిపోయింది. "చాలా మంచి మనిషి" అని రాస్తే సరుక్కి మీరు పూచీ పడ్డట్టు అవతలివాళ్లు చదువుకుంటారు. రేపు కొర్రల్లో రాళ్లు వస్తే పోయేది మీ మాట. మీకు ఎంతవరకు తెలుసో అంతవరకే రాయండి. సర్వేలో మూడు నెలలు ఆయన్ని చూశారు. చెప్పిన రోజుకి చెప్పిన పని చేసేవారని మీరు చూసి ఉంటే, అది రాయండి. సరుకు మీరు చూడలేదు, అది కూడా రాయండి. అలా రాయడం ఆయనకి అవమానం కాదు, శాంపిల్ అడగడానికి ఆ అమ్మాయికి అదే దారి.

గోదారి గట్టు | గురువారం, రాత్రి 8:05

సరుకు చూడలేదని రాస్తే ఇక కొంటారా ఎవరైనా? మా ఊళ్లో ఎవరినైనా ఎవరి దగ్గరికైనా పంపితే "మావాడే, చూసుకో" అంటాం. ఆ ఒక్క మాటతోనే పనులవుతాయి.

డాలస్ లక్ష్మి | గురువారం, రాత్రి 8:30

అవుతాయి, మాట పోనంతకాలం. మా అన్నయ్య ఇలాగే "మావాడే" అని ఇద్దరిని కలిపాడు, ఆ ఇద్దరి మధ్య డబ్బు తగువొస్తే ఇద్దరూ అన్నయ్యతోనే మాట్లాడటం మానేశారు. కానీ గోదారి గట్టు గారు చెప్పింది పూర్తిగా కొట్టిపారేయలేను. ఊళ్లో ఆ మాటకి ఇంకా విలువుంది. మెయిల్లో రాస్తే మాత్రం అది కాగితం మీద ఉండిపోతుంది.

మంజీర | గురువారం, రాత్రి 10:10

రెండో ప్రయత్నం. ఒక చిక్కు కూడా వచ్చి పడింది. శ్రావణిని నేను "నువ్వు", "వే" అంటాను. నరసింహులు గారు మా నాన్న వయసు, ఆయన్ని "మీరు" అంటాను. ఒకే మెయిల్లో ఇద్దరినీ ఎలా పిలవాలి? "శ్రావణీ, నువ్వు శాంపిల్ చూసి చెప్పు, సార్, మీరు పంపండి" అని రాస్తే ఏదోలా ఉంది. ఇంగ్లీషులో అయితే ఈ గొడవే లేదు.

పాత గుమాస్తా | గురువారం, రాత్రి 10:45

భలే పట్టుకున్నారు. చాలామంది దీన్ని గమనించరు.

ఆ మెయిల్ చదివేటప్పుడు నరసింహులు గారికి శ్రావణి ఎవరో తెలియదు. మీరు "నువ్వు" అంటే ఆయన మనసులో ఆ అమ్మాయి మీ చెల్లెలి లెక్కలోకి పోతుంది. "అమ్మా, నువ్వు మీ సార్‌తో మాట్లాడి పెట్టు" అనే దగ్గర మొదలవుతుంది. అక్కడ కొనేది ఆమె. అందుకే ఆ ఒక్క మెయిల్ వరకు "శ్రావణి గారు" అనండి. ఇద్దరికీ "గారు", ఇద్దరికీ "మీరు". స్నేహమంతా విడిగా మెసేజ్‌లో చూసుకోండి.

చిట్టి | గురువారం, రాత్రి 10:50

తను నవ్వుతుంది చూడండి. "గారా? ఏమైందే నీకు?" అని.

మంజీర | శుక్రవారం, ఉదయం 8:15

ముందే చెప్పి పెట్టాను, నవ్వింది. ఇదిగో:

> సబ్జెక్ట్: పరిచయం: నరసింహులు గారు (ఎఫ్‌పీఓ, అనంతపురం), శ్రావణి గారు (కొనుగోళ్లు, హైదరాబాద్): కొర్ర బియ్యం 200 కిలోలు
>
> శ్రావణి గారూ, నరసింహులు గారూ, నమస్తే.
>
> శ్రావణి గారూ, నరసింహులు గారు అనంతపురం జిల్లాలో ఒక రైతుల ఎఫ్‌పీఓ చూస్తున్నారు. నాలుగేళ్ల క్రితం సర్వేలో మూడు నెలలు ఆయనతో పనిచేశాను, చెప్పిన రోజుకి పని పూర్తిచేసేవారు. వాళ్ల దగ్గర 7 టన్నుల కొర్రలు ఉన్నాయి, ఆర్డర్ వచ్చిన వారంలో బియ్యం పట్టించి ఇస్తామంటున్నారు. సరుకు నేను చూడలేదు.
>
> నరసింహులు గారూ, శ్రావణి గారు హైదరాబాద్‌లో ఆరు షాపులున్న కిరాణా సంస్థకి కొనుగోళ్లు చూస్తారు. కొర్ర బియ్యం మొదటిసారి 200 కిలోల వరకు చూడగలమన్నారు, ముందు శాంపిల్ కావాలి.
>
> నరసింహులు గారూ, కిలో ధర, శాంపిల్ ఎప్పుడు పంపగలరో ఈ మెయిల్‌కి రిప్లై ఆల్ నొక్కి రాయండి. ఇక్కడి నుంచి మీరిద్దరూ మాట్లాడుకోండి, నేను పక్కకి తప్పుకుంటాను.
>
> మంజీర

పాత గుమాస్తా | శుక్రవారం, ఉదయం 9:00

బాగుంది. నేను మార్చేది ఒక్కటే, సబ్జెక్ట్. ఫోన్లో సబ్జెక్ట్ మొదటి ముక్కే కనిపిస్తుంది, మిగతాది చుక్కలైపోతుంది. మీదాంట్లో "కొర్ర బియ్యం" చివర పడింది. దాన్ని ముందుకి తెండి: "కొర్ర బియ్యం 200 కిలోలు: నరసింహులు గారు, శ్రావణి గారు పరిచయం". నెల తర్వాత ఆ అమ్మాయి "కొర్ర" అని వెతికినా దొరుకుతుంది.

మొదటి అడుగు ఎవరిదో రాశారు, అది చాలామంది వదిలేస్తారు. వదిలేస్తే ఇద్దరూ మర్యాదగా ఒకరి కోసం ఒకరు ఆగుతారు. అవసరం ఉన్నవాళ్లదే మొదటి మాట కావాలి, ఇక్కడ నరసింహులు గారిది.

డాలస్ లక్ష్మి | శుక్రవారం, ఉదయం 9:35

ఒక చిన్న అభ్యంతరం. వయసులో పెద్దాయన ఉండగా శ్రావణి పేరు ముందు రాశారేం? మా అమ్మ చూస్తే కోప్పడుతుంది.

పాత గుమాస్తా | శుక్రవారం, ఉదయం 9:50

నిర్ణయం ఆమెది కాబట్టి ఆమెకి సంబంధించిన పేరా ముందు. సబ్జెక్ట్‌లో పెద్దాయన ముందు. నేను అలా సర్దుకునేవాణ్ని. మా ఆఫీసులో ఇంకొకాయన ఎప్పుడూ వయసే చూసేవాడు, ఆయన పరిచయాలూ బాగానే నడిచాయి. మీ అమ్మగారితో వాదించను.

వైజాగ్ కిరణ్ | శుక్రవారం, ఉదయం 10:20

తెలుగులో రాశారు బాగుంది కానీ, శ్రావణి దాన్ని వాళ్ల సార్‌కి ఫార్వర్డ్ చేయాలంటే? ఆ సార్‌కి తెలుగు చదవడం రాకపోతే? ఆఫీసుల్లో ఇది మామూలే.

మంజీర | శుక్రవారం, ఉదయం 10:40

వాళ్ల సార్ మార్వాడీ, తెలుగు మాట్లాడతారు, చదవరు. ఇంగ్లీషులో రాస్తే నరసింహులు గారు వాళ్ల అబ్బాయి వచ్చేదాకా ఆగాలి. ఏం చేయను? తెలుగులోనే పంపుతున్నా, కింద రెండు లైన్లు ఇంగ్లీషులో పెడుతున్నా, సరుకు, పరిమాణం వరకు. సరైన పద్ధతో కాదో నాకు తెలియదు.

చిట్టి | శుక్రవారం, ఉదయం 10:44

పంపే ముందు టూలో అడ్రస్‌లు మళ్లీ చదవండి. మొదటి రెండక్షరాలు కొడితే అదే నింపేస్తుంది, నరసింహులు బదులు నరసింహమూర్తి పడుతుంది. జీమెయిల్ సెట్టింగ్స్‌లో పంపినదాన్ని వెనక్కి తీసుకునే గడువు 30 సెకన్లకి పెట్టుకోండి, అంతకంటే ఎక్కువ ఇవ్వదు.

మంజీర | సోమవారం, రాత్రి 9:15

జరిగింది చెప్పాలి కదా.

శుక్రవారం పదకొండింటికి పంపాను. సాయంత్రానికి నరసింహులు గారి జవాబొచ్చింది, నా ఒక్కదానికే! రిప్లై ఆల్ అని రాసినా ఆయన ఫోన్లో కనిపించిన మొదటి బాణం నొక్కేశారు. పైగా అందులో "నీ మొహం చూసి కిలోకి నాలుగు రూపాయలు తగ్గిస్తున్నాను తల్లీ" అని ఉంది. శనివారం సాయంత్రం శ్రావణి, "మీ సార్ పలకలేదేం?" అని మెసేజ్.

మొదట దాన్ని అలాగే ఫార్వర్డ్ చేసేద్దామనుకున్నాను. చిట్టి గారి మూడు చుక్కలు గుర్తొచ్చి ఆగాను. ఆ నాలుగు రూపాయల మాట నాకు చెప్పిన మాట, నాకు మొహమాటం తెచ్చే మాట. ఆయనకి ఫోన్ చేసి, "సార్, ఇది నాకే వచ్చింది. మళ్లీ మొదటి మెయిల్ తెరిచి, కింద రెండు బాణాలున్న గుర్తు నొక్కండి. నా పేరు ఎత్తకుండా మీ ధర మీరు రాయండి" అన్నాను. ఆదివారం పొద్దున ఇద్దరికీ వచ్చింది, ఈసారి ధర మామూలుదే. శ్రావణి వెంటనే రెండు కిలోల శాంపిల్ అడిగింది, ఆఫీసు అడ్రస్ ఇచ్చింది. ఆ జవాబులో తనే నన్ను టూ నుంచి తీసి బీసీసీలో పెట్టి, "మంజీరా, థ్యాంక్స్, నిన్ను బీసీసీలోకి మారుస్తున్నాను" అని మొదటి లైన్లో రాసింది. ఆ తర్వాత నాకేమీ రావడం లేదు. హాయిగా ఉంది, కానీ కొంచెం కుతూహలంగా కూడా ఉంది.

వైజాగ్ కిరణ్ | సోమవారం, రాత్రి 9:31

బీసీసీ దానికా! ఇప్పుడు అర్థమైంది. కలిపినవాళ్లని మర్యాదగా బయటికి పంపడానికన్నమాట.

పాత గుమాస్తా | సోమవారం, రాత్రి 9:50

అంతే. ఇంకో జాగ్రత్త: బీసీసీలో పడ్డ ఆ మెయిల్‌కి మంజీర గారు పొరపాటున రిప్లై ఆల్ కొడితే మళ్లీ ఇద్దరికీ పోతుంది. ఊరుకోండి. మూడు వారాలాగి శ్రావణిని ఒక్కసారి అడగండి, ఏమైందని. నరసింహులు గారిని అడక్కండి, అమ్ముడుపోకపోతే ఆయన మీకు సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వస్తుంది.

గోదారి గట్టు | మంగళవారం, ఉదయం 7:40

ఇదంతా చదివాక మా బావమరిదితో లక్ష్మి గారు చెప్పిన పేరా రాయించాను. మా పెదనాన్న స్నేహితుడు కాకినాడలో ఒక కంపెనీలో ఇంజినీరు. ఆయనకి నేను పంపి "కలపనా?" అని అడుగుతాను. వాడు రాసింది:

"నేను గతేడాది మెకానికల్ పూర్తిచేశాను. ఆరు నెలలు పంపుల మరమ్మతు షాపులో పనిచేశాను, సెంట్రిఫ్యూగల్ పంపు విప్పి బిగించడం వచ్చు. మా నాన్నగారు ఊళ్లో అందరికీ తెలిసినవారు, మాది గౌరవమైన కుటుంబం. మీ మెయింటెనెన్స్ విభాగంలో ట్రైనీలని ఎప్పుడు తీసుకుంటారో తెలుసుకోవాలని."

ఎలా ఉంది?

పాత గుమాస్తా | మంగళవారం, ఉదయం 8:25

మూడో వాక్యం తీసేయండి. పంపు విప్పడం వచ్చన్న వాక్యం ముందుకి తెండి. ఉద్యోగం అడగకుండా ఎప్పుడు తీసుకుంటారని అడిగాడు చూడండి, అది ఆయన ఒక్క లైన్లో జవాబు చెప్పగలిగే ప్రశ్న. అది వాడికే తట్టిందా?

గోదారి గట్టు | మంగళవారం, ఉదయం 8:31

వాడికే. మూడో వాక్యం మాత్రం నేను చేర్చించాను.

చిట్టి | మంగళవారం, ఉదయం 8:33

😂